ముప్పై ఊళ్ళా, యాభై రెండు ఊళ్ళా: మహిళల రక్తహీనత సర్వేలో డిజైన్ ఎఫెక్ట్

అందరికీ నమస్కారం. ఈ గదిలో సామాజిక వైద్యం చదువుతున్న పీజీ విద్యార్థులు, జిల్లా స్థాయిలో ఆరోగ్య గణాంకాలు చూసే ఉద్యోగులు ఉన్నారు కనుక సర్వే అంటే ఏమిటో చెప్పే పని నాకు లేదు. నేరుగా ఒక వాక్యంతో మొదలుపెడతాను. నా దగ్గరకు పరిశీలనకు వచ్చే ప్రోటోకాళ్ళలో చాలావాటిలో ఈ వాక్యం కనిపిస్తుంది: "30 క్లస్టర్లు తీసుకుంటాము, డిజైన్ ఎఫెక్ట్ 2 గా భావించాము." రెండే ఎందుకు అని అడిగితే, అందరూ అదే వేస్తారు సార్ అన్న జవాబు వస్తుంది. ఆ రెండు ఎక్కడిదో తెలుసుకుంటే, రక్తహీనత సర్వేకు దాన్ని తెచ్చి అతికించడం ఎందుకు కుదరదో దానంతటదే అర్థమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధినిరోధక టీకాల కార్యక్రమంలో 30 క్లస్టర్లు, ఒక్కో క్లస్టర్‌కు 7 మంది పిల్లలు అన్న పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. టీకా అందిన పిల్లల శాతాన్ని అటూ ఇటూ పది పాయింట్ల తేడాతో తెలుసుకుంటే చాలు అన్నది దాని ఉద్దేశం. పూర్తిగా యాదృచ్ఛికంగా పిల్లలను ఎంచుకోగలిగితే అందుకు 96 మంది సరిపోతారు. ఊళ్ళవారీగా ఎంచుతున్నాము కనుక దాన్ని రెండింతలు చేశారు, 192 అయింది. ముప్పై ఊళ్ళకు పంచితే ఊరికి 6.4 వస్తుంది, దాన్ని ఏడు చేశారు. అంటే ఆ రెండు అన్న అంకె ఊరికి ఏడుగురు పిల్లలకు, టీకా అన్న విషయానికి, పది పాయింట్ల తేడాకు కుట్టిన చొక్కా. ఊరికి ముప్పై అయిదు మంది మహిళలను ఎంచుకుని, నాలుగు పాయింట్ల తేడాతో రక్తహీనత కొలవాలనుకునేవారికి అది పట్టదు.

ఎందుకు పట్టదో చెప్పడానికి మన ఇళ్ళలోని మాటే తీసుకుంటాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు అంటాము. ఆ మాట నిజమే, కానీ అది ఆ గిన్నెకు మాత్రమే నిజం. ఒకే గిన్నెలోని మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కనుక మొదటి మెతుకు పట్టి చూశాక రెండో మెతుకు కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు. వీధిలోని వంటిళ్ళన్నింటిలో అన్నం ఉడికిందా అన్నది ప్రశ్న అయితే, ఒక గిన్నెలో వంద మెతుకులు చూడటం కంటే పది గిన్నెల్లో ఒక్కో మెతుకు చూడటం మేలు. ఊళ్ళో మనుషులు మెతుకులంత ఒకేలా ఉండరు, అలాగని పూర్తిగా సంబంధం లేనివారూ కారు. ఒకే నీళ్ళు తాగుతారు, ఒకే రేషన్ దుకాణం బియ్యం తింటారు, ఐరన్ మాత్రలు ఒకే ఏఎన్‌ఎం చేతి మీదుగా అందుకుంటారు. ఒకే క్లస్టర్‌లోని ఇద్దరు, వేర్వేరు క్లస్టర్లలోని ఇద్దరి కంటే ఎంత ఎక్కువగా ఒకరినొకరు పోలి ఉంటారో చెప్పే అంకెనే ఐసీసీ అంటాము, రో అనే గ్రీకు అక్షరంతో రాస్తాము. గిన్నెలోని మెతుకులకు అది దాదాపు ఒకటి. ఏ సంబంధమూ లేనివారికి సున్నా.

గణాంక శాస్త్రజ్ఞుడు లెస్లీ కిష్ 1965లో వెలువరించిన గ్రంథంతో స్థిరపడిన సూత్రం ఇది:

`DEFF = 1 + (m − 1) × ρ`

ఇందులో m అంటే ఒక్కో క్లస్టర్‌లో మనం పరీక్షించే వ్యక్తుల సంఖ్య. డిజైన్ ఎఫెక్ట్ అంటే, అంతే సంఖ్యలో మనుషులను విడివిడిగా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే వచ్చే వేరియన్స్‌తో పోలిస్తే మన పద్ధతిలో వేరియన్స్ ఎన్ని రెట్లు అయిందన్న లెక్క. ఇప్పుడు టీకాల రెండు దగ్గరకు మళ్ళీ వెళ్దాం. అక్కడ m ఏడు, డిజైన్ ఎఫెక్ట్ రెండు అంటే రో ఆరింట ఒకటి, అంటే సుమారు 0.17. టీకాకు అది నమ్మదగిన అంకే, ఎందుకంటే ఏఎన్‌ఎం వచ్చిన ఊళ్ళో అందరు పిల్లలకూ టీకా పడుతుంది, రాని ఊళ్ళో ఎవరికీ పడదు. అదే రో ఉంచి ఊరికి ముప్పై అయిదు మందిని తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 6.7 అవుతుంది, రెండు కాదు. కనుక m చెప్పకుండా డిజైన్ ఎఫెక్ట్ మాత్రమే చెప్పడం, ఎన్ని కిలోలో చెప్పకుండా ధర చెప్పడం లాంటిది.

ఇక రక్తహీనతకు వద్దాం. గర్భిణులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాముల కంటే, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తున్నాము. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఇది దేశంలో 57.0 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా మహిళలకు ఉన్న స్థితి ఇది, అన్ని ఊళ్ళలోనూ ఉంటుంది. ఒక ఊళ్ళో అందరికీ ఉండి పక్క ఊళ్ళో ఎవరికీ లేకపోవడం జరగదు. అందువల్ల టీకాతో పోలిస్తే ఇక్కడ రో చిన్నదిగా ఉంటుందని ఆశించడం సబబే. ఈ రోజు లెక్కకు 0.04 తీసుకుంటాను. ఇది ఉదాహరణ కోసం పెట్టుకున్న అంకె, మీ జిల్లాకు మీరే వెతుక్కోవాలి. ఎలా వెతకాలో కాసేపట్లో చెప్తాను.

ఒక జిల్లా గ్రామీణ ప్రాంతంలో రక్తహీనత శాతాన్ని అటూ ఇటూ నాలుగు పాయింట్ల తేడాతో, 95 శాతం విశ్వాసంతో అంచనా వేయాలి అనుకుందాం. శాతం సుమారు 58 ఉంటుందని ముందుగా అనుకుంటున్నాము. 1.96 వర్గాన్ని 0.58తోనూ 0.42తోనూ గుణించి, 0.04 వర్గంతో భాగిస్తే 585 వస్తుంది. ఊళ్ళతో సంబంధం లేకుండా జిల్లాలోని మహిళలందరి జాబితా నుంచి చీటీ తీసినట్టు ఎంచుకోగలిగితే ఈ 585 మంది చాలు. అలాంటి జాబితా మన దగ్గర ఉండదు, ఉన్నా 585 ఊళ్ళకు జీపు తిప్పలేము. కనుక ఊళ్ళను ఎంచుకుని, ఊళ్ళో ఇళ్ళను ఎంచుకుంటాము. ఊరికి ఇరవై మంది అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.76, కావలసిన వారు 1,030 మంది, ఊళ్ళు 52.

ఇక్కడే సాధారణంగా బేరం మొదలవుతుంది. యాభై రెండు ఊళ్ళు మా వల్ల కాదు, ముప్పై ఊళ్ళకే వెళ్తాము, ఊరికి ఇంకో పదిహేను మందిని ఎక్కువ తీసుకుంటాము, మొత్తం 1,050 అవుతుంది కదా అంటారు. మొత్తం సంఖ్య దాదాపు అంతే. కానీ ఊరికి 35 మంది అయ్యేసరికి డిజైన్ ఎఫెక్ట్ 2.36 అవుతుంది. 1,050ని దానితో భాగిస్తే మిగిలేది 445. అంటే 1,050 మంది వేళ్ళకు సూది గుచ్చి 445 మంది ఇచ్చేంత సమాచారమే తెచ్చుకున్నాము, తేడా నాలుగు పాయింట్ల నుంచి 4.6కు పెరిగింది. సరే, ముప్పై ఊళ్ళతోనే నాలుగు పాయింట్లు సాధించాలంటే ఊరికి ఎంతమంది కావాలో లెక్క కట్టండి: 86 మంది. మొత్తం 2,580 మంది. ఇరవై రెండు ఊళ్ళు తగ్గించుకున్నందుకు పదిహేను వందల పైచిలుకు రక్త పరీక్షలు అదనంగా చేయాలి.

ఇంకా కిందికి వెళ్ళి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 585ను 0.04తో గుణిస్తే 23.4 వస్తుంది. ఊళ్ళు 23 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, ఊరికి ఎంతమందిని పరీక్షించినా ఈ సూత్రం ప్రకారం నాలుగు పాయింట్ల తేడా ఎప్పటికీ రాదు. ఒక్కో ఊళ్ళో వెయ్యి మందికి సూది గుచ్చినా రాదు. ఎందుకంటే అప్పుడు మనకు తెలియనిది ఊళ్ళోని మనుషుల మధ్య తేడా కాదు, ఊరికీ ఊరికీ మధ్య తేడా. దాన్ని తెలుసుకోవడానికి ఇంకో ఊరికి వెళ్ళడం తప్ప మార్గం లేదు. నమూనా పరిమాణం గురించి అడిగినప్పుడు నేను మొదట ఎంతమంది అని కాక ఎన్ని ఊళ్ళు అని అడిగేది ఇందుకే.

అలాగని ఊళ్ళను పెంచుకుంటూ పోవడమూ తెలివైన పని కాదు. ఒక ఊరికి వెళ్ళాలంటే బండి, బృందం బస, ఇళ్ళ జాబితా తయారీ అన్నీ కలిపి ఆరు వేల రూపాయలు, ఒక మహిళను ప్రశ్నించి పరీక్షించడానికి నాలుగు వందలు ఖర్చవుతాయి అనుకుందాం. 52 ఊళ్ళు, ఊరికి 20 మంది అయితే మొత్తం 7,28,000 రూపాయలు. ముప్పై ఊళ్ళు, 86 మంది అయితే 12,12,000. ఎనభై ఊళ్ళు, పది మంది అయితే 8,00,000. ఖర్చు అతి తక్కువయ్యే m ఎంతో తెలుసుకోవడానికి ఒక చిన్న సూత్రం ఉంది. ఊరి ఖర్చును మనిషి ఖర్చుతో భాగించి, దాన్ని (1 − ρ)/ρ తో గుణించి, వర్గమూలం తీయాలి. మన లెక్కలో 15ను 24తో గుణిస్తే 360, దాని వర్గమూలం 19. ఇరవై అన్న అంకె అలా దానంతటదే వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక్కో క్లస్టర్‌లో 22 ఇళ్ళను ఎంచుకోవడం కూడా దీనికి దగ్గరగానే ఉందని గమనించండి.

ఎనభై ఊళ్ళ పథకం గురించి ఒక మాట. అది డెబ్బై రెండు వేలు ఎక్కువ తీసుకుంటుంది కానీ ఒక బీమా ఇస్తుంది. మనం 0.04 అనుకున్న రో క్షేత్రంలో 0.08 అని తేలితే, 52 ఊళ్ళ పథకంలో తేడా 4.8 పాయింట్లకు చేరుతుంది, ఎనభై ఊళ్ళ పథకంలో 4.5 దగ్గర ఆగుతుంది. పరీక్షించినవారు 240 మంది తక్కువైనా రెండోదే నిలబడింది. రో మీద నమ్మకం లేనప్పుడు నేను ఊళ్ళ వైపే మొగ్గుతాను.

ఇప్పుడు ఆ రో ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న. అదే ప్రాంతంలో, అదే విషయం మీద జరిగిన పాత సర్వే నివేదికలో డిజైన్ ఎఫెక్ట్ ఉంటే దాన్ని యథాతథంగా ఎత్తి రాయకండి. అందులో క్లస్టర్‌కు సగటున ఎంతమంది ఉన్నారో చూసి, డిజైన్ ఎఫెక్ట్‌లో ఒకటి తీసేసి, m లోనూ ఒకటి తీసేసి భాగించండి. పాత సర్వేలో డిజైన్ ఎఫెక్ట్ 1.9, క్లస్టర్‌కు 25 మంది అయితే రో 0.0375. ఒక సర్వే నుంచి ఇంకో సర్వేకు ప్రయాణించేది రో, డిజైన్ ఎఫెక్ట్ కాదు. ఇక్కడ ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. డీహెచ్‌ఎస్ తరహా నివేదికల చివర ఉండే సాంప్లింగ్ దోషాల పట్టికలో అచ్చయ్యేది డెఫ్ కాదు, డెఫ్ట్. అది డిజైన్ ఎఫెక్ట్‌కు వర్గమూలం. పట్టికలో 1.4 అని చూసి నమూనాను 1.4తో గుణించినవారు నిజానికి 1.96తో గుణించవలసింది. ఒక్క అక్షరం తేడాతో నమూనాలో దాదాపు మూడో వంతు మాయమవుతుంది.

పాత సర్వే నుంచి తీసిన రో కూడా ఆ సర్వేలో ఊరి లోపల ఇళ్ళను ఎలా ఎంచారన్నదానికి కట్టుబడి ఉంటుంది. ఈ సంగతిని కాస్త దగ్గరగా చూద్దాం. పాత పద్ధతిలో బృందం ఊరి మధ్య రచ్చబండ దగ్గర నిలబడి, పెన్సిల్ తిప్పి, అది చూపిన దిక్కున ఒక ఇల్లు పట్టుకుని, అక్కడి నుంచి పక్కిల్లు, ఆ పక్కిల్లు అంటూ సంఖ్య నిండేదాకా నడిచేది. మన ఊళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. పెద్ద వీధి ఒకటి, బీసీల వాడ ఒకటి, కాలువ అవతల ఎస్సీ కాలనీ, ఊరి చివర కొత్తగా కట్టిన ప్రభుత్వ ఇళ్ళు. తిండి, కూలి పని, ఆదాయం వాడవాడకూ మారతాయి. పక్కపక్క ఇరవై ఇళ్ళు తీసుకుంటే ఇరవై మందీ ఒకే వాడ నుంచి వస్తారు. అప్పుడు మనం ఎంచుకున్నది ఊరిని కాదు, వాడను. పేరుకు ఊరు అని రాసుకున్నా, రో మాత్రం వాడదే ఉంటుంది. అది ఊరి రో కంటే పెద్దది.

దీనికి విరుగుడు ఇళ్ళ జాబితా. ఊళ్ళో 230 ఇళ్ళున్నాయి, మనకు 23 కావాలి అనుకుందాం. ఇరవై మందికి 23 ఇళ్ళు ఎందుకంటే, ఇంటికి సగటున ఒక అర్హురాలు ఉండి, పది మందిలో ఒకరు దొరకకపోవడమో వద్దనడమో జరుగుతుందనుకున్నాము. ఒక కొస నుంచి మొదలుపెట్టి, వాడ తర్వాత వాడ వదలకుండా అన్ని ఇళ్ళకూ వరుస సంఖ్యలు వేయాలి. ఒకటి నుంచి పది లోపు ఒక సంఖ్య చీటీ తీస్తే నాలుగు వచ్చిందనుకోండి, 4, 14, 24 అంటూ 224 దాకా వెళ్ళాలి. ఇలా చేస్తే ప్రతి వాడకూ దాని వాటా దక్కుతుంది. మూడు వందలు, అంతకు మించి ఇళ్ళున్న పెద్ద ఊరైతే వంద, నూట యాభై ఇళ్ళ ముక్కలుగా విడగొట్టి, రెండు ముక్కలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, వాటిలో జాబితా వేయడం కుటుంబ ఆరోగ్య సర్వే పద్ధతి. ఒక ముక్కతో సరిపెట్టుకోకుండా రెండు తీసుకుంటే వాడ సమస్య కొంత తగ్గుతుంది. జాబితాకు ఒక రోజు పడుతుందని దాన్ని ఎగ్గొట్టాలనిపిస్తుంది. కానీ ఆ ఒక్క రోజు మిగుల్చుకుంటే పోయేది ఎన్ని రక్త పరీక్షల విలువో ఇప్పుడు లెక్క కట్టగలరు.

ఒకే ఇంట్లో అత్త, కోడలు, ఆడపడుచు ముగ్గురూ అర్హులైతే ఏం చేయాలని అడుగుతుంటారు. ముగ్గురిదీ ఒకే వంట కనుక వారి మధ్య పోలిక ఊరివారి మధ్య పోలిక కంటే ఎక్కువే ఉంటుంది. అయినా ముగ్గురినీ పరీక్షించడమే నాకు సమ్మతం. ఒక్కరినే చీటీ తీసి ఎంచుకుంటే ఆమెకు మూడింతల బరువు ఇచ్చి లెక్కించాలి, ఆ బరువుల హెచ్చుతగ్గులు కూడా వేరియన్స్‌ను పెంచుతాయి. పైగా ఒక కోడలికి పరీక్ష చేసి రెండో కోడలికి చేయకపోతే గడపలోనే తగవు.

ఇంతవరకూ రో అంటే మనుషుల మధ్య పోలిక అన్నట్టే మాట్లాడాను. రక్తహీనతలో దానికి ఇంకో మూలం ఉంది, ప్రోటోకాళ్ళలో ఎవరూ రాయనిది అది: కొలిచే చెయ్యి. ఒక ఊరికి ఒక బృందం వెళ్తుంది, ఒక హిమోక్యూ యంత్రం తీసుకెళ్తుంది, ఒకే టెక్నీషియన్ అందరికీ సూది గుచ్చుతాడు. అతను మొదటి చుక్కలు తుడిచేయకుండా క్యూవెట్‌కు అంటించినా, రక్తం రావడం లేదని వేలిని గట్టిగా పిండినా, క్యూవెట్ల డబ్బా మూత తీసి తేమలో వదిలేసినా, ఆ తప్పు ఆ ఊళ్ళో ఇరవై మంది అంకెల్లోనూ ఒకే దిక్కుకు పడుతుంది. సగటు హిమోగ్లోబిన్ 12 గ్రాముల దరిదాపుల్లోనే ఉండే జనాభాలో అర గ్రాము జరిగితే ఎంతోమంది గీతకు ఈ పక్క నుంచి ఆ పక్కకు మారిపోతారు. గణాంకం దృష్టిలో ఇది కూడా క్లస్టర్‌లోని పోలికే. నిజమైన పోలిక ఏదో, చేతి తప్పు ఏదో దానికి తెలియదు.

నేను పాలుపంచుకున్న ఒక సర్వేలో ఇది జరిగింది. విశ్లేషణలో రక్తహీనతకు డిజైన్ ఎఫెక్ట్ మేము అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ వచ్చింది. అదే మహిళల చదువు, బరువు లాంటి విషయాల్లో మాత్రం అనుకున్నట్టే ఉంది. ఊళ్ళ మధ్య నిజంగా అంత తేడా ఉందేమోనని పటం మీద గుర్తులు పెట్టి చూశాము. రక్తహీనత తక్కువగా ఉన్న ఊళ్ళు ఒక ప్రాంతంలో కాక, ఒక బృందం పేరు కింద గుమిగూడాయి. అప్పటికి ఊళ్ళు అయిపోయాయి, బృందాలు ఇళ్ళకు వెళ్ళిపోయాయి. అప్పటి నుంచి నేను పనిచేసిన ప్రతి సర్వేలో ఒక బృందానికి ఒక మండలం అప్పజెప్పడం మానేశాము, ప్రతి మండలంలోనూ కనీసం రెండు బృందాలు కొన్ని కొన్ని ఊళ్ళు చేసేలా పంచుతున్నాము. అప్పుడు ప్రాంతం తేడానూ చేతి తేడానూ విడదీసి చూడటం సాధ్యమవుతుంది. సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో కొలిస్తే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, బయోమార్కర్ల సర్వే ఆ దారి పట్టింది. కానీ జిల్లా స్థాయి బడ్జెట్లలో మనకు ఇంకా వేలి రక్తమే దిక్కు.

చివరగా, సర్వే నడుస్తుండగానే డిజైన్ ఎఫెక్ట్ ఎటు వెళ్తోందో పెద్ద సాఫ్ట్‌వేర్ లేకుండా చూసుకునే ఉపాయం ఒకటి చెప్తాను. ఎక్సెల్‌లో ఊరికో వరుస పెట్టి, ఒక్కో ఊళ్ళో పరీక్షించిన ఇరవై మందిలో రక్తహీనత శాతం వేయండి. ఆ శాతాల ప్రామాణిక విచలనం కట్టండి. ఊళ్ళ మధ్య ఏ తేడా లేకపోయినా, కేవలం ఇరవై మందే కావడం వల్ల ఆ విచలనం 11 పాయింట్లు ఉంటుంది. 0.58ని 0.42తో గుణించి, 20తో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చేది అదే. మీకు వచ్చిన విచలనాన్ని 11తో భాగించి వర్గం చేస్తే సుమారుగా డిజైన్ ఎఫెక్ట్ వస్తుంది. 14.6 వస్తే 1.76, అనుకున్న దారిలోనే ఉన్నాము. 20 దాటితే 3.3, అప్పుడు బృందాలవారీగా వరుసలు విడగొట్టి చూడాలి. ఊళ్ళో పరీక్షించినవారి సంఖ్య మరీ హెచ్చుతగ్గులుగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అలాగే పది పన్నెండు ఊళ్ళతో కట్టిన విచలనం బాగా ఊగుతుంది కనుక, ఇరవై ఊళ్ళయినా పూర్తయ్యాకే దాన్ని పట్టించుకోండి. యాభై రెండులో ఇరవై అయ్యేసరికి ఇంకా ముప్పై రెండు ఊళ్ళు చేతిలో ఉంటాయి, యంత్రం మార్చడానికీ టెక్నీషియన్‌కు మళ్ళీ శిక్షణ ఇవ్వడానికీ ఆ వ్యవధి సరిపోతుంది.